మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు వీడియోల గురించి ఎనిమిది నిమిషాలు: ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

ప్రశ్న: మాది ఇంజనీరింగ్ కళాశాల. ఈ ఏడాది మీడియా క్లబ్బుకు నేను అధ్యక్షురాలిని. వచ్చే వారం మొదటి సంవత్సరం విద్యార్థుల స్వాగత సభలో నాకు ఎనిమిది నిమిషాలు ఇచ్చారు. స్వాగతం చెప్పి, వీడియోలు బాధ్యతగా పెట్టడం గురించి మాట్లాడమన్నారు. చట్టాలు చదివితే వినరు, ఊరికే జాగ్రత్తగా ఉండండి అంటే పట్టించుకోరు. ఎలా మాట్లాడాలి? వీలైతే కొంత నమూనా కూడా రాసి ఇవ్వండి.

సమాధానం:

వార్తా ఛానల్లో వీడియో ఎడిటింగ్ చేసి, ఆ తరువాత కళాశాల మీడియా క్లబ్బుకు సలహాదారుగా ఉన్న అనుభవంతో చెబుతున్నాను. ఉపన్యాసం రాయడానికి ముందు ఒక విషయం తేల్చుకోండి. కళాశాల తెరిచిన మొదటి రెండు నెలల్లో కెమెరా ఎవరి చేతిలో ఉంటుంది? కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో కాదు, మీ చేతిలో. స్వాగత సభ, పరిచయ కార్యక్రమం, ఫ్రెషర్స్ డే, క్లబ్బుల ఎంపికలు అన్నీ తీసేది మీరే, ఎడిట్ చేసేది మీరే, కళాశాల పేరుతో ఉన్న ఖాతాలో పెట్టేది మీరే. అలాంటప్పుడు మీరు వేదిక ఎక్కి "మీరు బాధ్యతగా ఉండండి" అంటే ఆ మాట నిలవదు. ముందు మీ క్లబ్బు వాళ్లకు ఏం హామీ ఇస్తుందో చెప్పండి. వాళ్లు ఏం చేయాలో ఆ తరువాత చెప్పండి. మీకిచ్చిన సమయంలో సగానికి పైగా మొదటి భాగానికే పోవాలి.

ఎందుకంటే కొత్త విద్యార్థి సీనియర్‌కు చెప్పే "సరే" పూర్తిగా స్వేచ్ఛగా చెప్పినది కాదు. మూడో సంవత్సరం అక్క ఫోను పట్టుకుని "ఒక చిన్న వీడియో, పరవాలేదు కదా?" అని పదిమంది ముందు అడిగితే, కాలేజీకి వచ్చి వారం కూడా కాని అమ్మాయి వద్దని ఎలా అంటుంది? నవ్వుతూ తల ఊపుతుంది. ఆ నవ్వునే మీవాళ్లు అనుమతిగా లెక్కవేస్తారు. సాయంత్రం హాస్టల్ గదిలో కూర్చున్నాక ఆ అమ్మాయికి భయం మొదలవుతుంది. ఇంట్లో చూస్తే ఏమంటారో, ఊళ్లో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని. మళ్లీ మీ దగ్గరకు వచ్చి తీసేయమని అడగడానికి ధైర్యం చాలదు.

దీనికి ఒక పద్ధతి పెట్టుకోండి. తీసే ముందు ఒకసారి, పెట్టే ముందు ఒకసారి, ఇలా రెండుసార్లు అడగాలి. రెండోసారి అడిగేటప్పుడు ఎడిట్ పూర్తయిన వీడియోను, దాని కింద రాయబోయే మాటలతో సహా ఆ వ్యక్తికి చూపించాలి. తీసినవాడే వెళ్లి అడగకూడదు. తన పని బయటికి రావాలన్న ఆత్రం అతనికి ఉంటుంది, ఒప్పించే ప్రయత్నం చేస్తాడు. క్లబ్బులో వేరొకరు, వీలైతే రెండో సంవత్సరం వాళ్లు, విడిగా అడగాలి. ఫోనులో సందేశం పంపితే ఇంకా మంచిది, ఎదురుగా ముఖం లేనప్పుడు వద్దని రాయడం తేలిక. జవాబు రాకపోతే వద్దన్నట్టే. "ఒక రోజులో జవాబు ఇవ్వకపోతే సమ్మతించినట్టు భావిస్తాం" అని కొన్ని క్లబ్బులు రాస్తాయి, ఆ పని చేయకండి.

ఇక ప్రారంభం. స్వాగతాన్ని కవితలతో, సూక్తులతో నింపకుండా ఇలా మొదలుపెట్టవచ్చు:

"వేదిక మీదున్న ప్రిన్సిపల్ గారికి, అధ్యాపకులకు నమస్కారం. కొత్తగా వచ్చిన మీ అందరికీ మీడియా క్లబ్బు తరఫున స్వాగతం. ఈ హాల్లో ఇప్పుడు మా కెమెరాలు మూడు ఉన్నాయి. ఒకటి వెనకాల స్టాండు మీద ఉంది, రెండు మా సభ్యుల చేతుల్లో ఉన్నాయి. నీలం పట్టీ కట్టుకున్నవాళ్లు మావాళ్లు. మీకు ఎడమవైపు చివరి రెండు వరుసలను ఏ కెమెరా తీయదు. వీడియోలో కనిపించడం ఇష్టం లేనివాళ్లు ఇప్పుడే లేచి అక్కడ కూర్చోవచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. నేను అర నిమిషం ఆగుతాను."

నిజంగా ఆగండి. మొదట ఎవరూ కదలరు, తరువాత ఒకరిద్దరు లేస్తారు, వాళ్లను చూసి ఇంకొందరు లేస్తారు. వద్దనడం ఈ కళాశాలలో మామూలు విషయమేనని ఆ అర నిమిషం చూపిస్తుంది. లేచినవాళ్లను చూసి మీ సభ్యులెవరూ నవ్వకూడదు, కెమెరా అటు తిప్పకూడదు. ఇది ముందే గట్టిగా చెప్పి ఉంచండి. ఆ రెండు వరుసలు నిండిపోతే ఇంకో వరుస ఇవ్వండి.

తరువాత హామీలు. "మీ ముఖం స్పష్టంగా కనిపించే ఏ వీడియోనూ మీకు చూపించకుండా పెట్టం. పెట్టిన తరువాత కూడా మనసు మారితే ఒక్క మాట చెప్పండి, 'అక్కా, ఆ వీడియో తీసేయండి' అంటే చాలు, ఆ రోజే తీసేస్తాం, కారణం అడగం. ఏడాది తరువాత అడిగినా ఇదే మాట." ఇది మీ మంచితనం చూపించుకోవడానికి చెప్పేది కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కూడా సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలికగా ఉండాలంటుంది. క్లబ్బు ఆ ప్రమాణాన్ని ముందుగానే పాటిస్తే తప్పేముంది?

ఆ తరువాతే అసలు విషయం. బాధ్యత అనే మాటను విడిగా వివరించే బదులు ఒకే ఒక వీడియోను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నడిపించండి. ఊహించిన ఉదాహరణే వాడండి. నిజంగా ఎవరిదో వైరల్ అయిన వీడియోను తెరమీద వేసి "చూశారా, ఇలా జరుగుతుంది" అని చెప్పే అలవాటు చాలాచోట్ల ఉంది. దానివల్ల ఆ మనిషిని ఇంకో ఐదువందల మందికి చూపించినట్టు అవుతుంది. ముఖం మసకబార్చినా గొంతు, దుస్తులు, వెనకున్న భవనం గుర్తుపట్టిస్తాయి.

నేనైతే ఇలా చెబుతాను: "ఇరవై సెకన్ల వీడియో ఒకటి ఊహించుకోండి. హాస్టల్ వరండాలో ఒక అమ్మాయి డ్యాన్స్ చేస్తోంది. ఆమె స్నేహితురాలే తీసింది, ఇద్దరికీ ఇష్టమే. ఇందులో ఎంతమంది ఉన్నారు? ఒక్కరే అంటారు. మళ్లీ చూడండి. వెనక గది తలుపు తెరిచి ఉంది, లోపల ఒకమ్మాయి తువ్వాలు తలకు చుట్టుకుని నిలబడి ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. తలుపు మీద గది నంబరు కనిపిస్తోంది. డ్యాన్స్ చేస్తున్న అమ్మాయి మెడలో ఐడీ కార్డు ఊగుతోంది, వీడియో ఆపి పెద్దది చేస్తే హాల్ టికెట్ నంబరు చదవవచ్చు. పాట వెనక నుంచి ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలిచి, వాళ్ల ఇంటి విషయం మాట్లాడుతున్నారు. కింద రాసిన మాటల్లో ఊరి పేరు, హాస్టల్ పేరు ఉన్నాయి."

ఇక్కడ హాల్ టికెట్ నంబరు గురించి ఒక వాక్యం ఎక్కువ చెప్పండి, ఎందుకంటే పిల్లలకు వెంటనే తాకేది అదే. మన విశ్వవిద్యాలయాల హాల్ టికెట్ నంబరులో చేరిన సంవత్సరం, కళాశాల కోడ్, బ్రాంచి అన్నీ ఉంటాయి. ఫలితాలు చూపించే కొన్ని వెబ్ పేజీల్లో ఆ ఒక్క నంబరు కొడితే మార్కులు, తప్పిన సబ్జెక్టులు అన్నీ వస్తాయి. అంటే డ్యాన్స్ వీడియో చూసిన ముక్కూమొహం తెలియని మనిషికి ఆ అమ్మాయి పేరు, బ్రాంచి, గది, మార్కులు తెలిసిపోయాయి. హాల్లో వెంటనే ఐడీ కార్డులు చొక్కా జేబుల్లోకి వెళ్లడం మీరే చూస్తారు.

తరువాత ఆ వీడియో ప్రయాణం చెప్పండి. స్నేహితురాలు దాన్ని స్టేటస్‌లో పెట్టింది. ఎవరో స్క్రీన్ రికార్డింగ్ చేశారు. అది క్లాసు గ్రూపులోకి, అక్కడి నుంచి ఎవరి బంధువుల గ్రూపులోకో వెళ్లింది. రెండో రోజు ఎవరో పాట మార్చి, హేళన మాటలు అతికించి ఇంకో పేజీలో పెట్టారు. మూడో రోజు అమ్మాయి ఏడిస్తే స్నేహితురాలు స్టేటస్ తీసేసింది. ఏం పోయింది? మొదటి కాపీ పోయింది, అంతే. వాట్సాప్‌లో అందరికీ కనిపించకుండా తొలగించే వీలు సుమారు రెండున్నర రోజులే ఉంటుంది. అప్పటికే ఫోను గ్యాలరీలో దాచుకున్న కాపీకీ, ఇంకొకరికి పంపిన కాపీకీ అది వర్తించదు. తొలగించే మీట మనం పెట్టిన చోట మాత్రమే పనిచేస్తుందన్నది వాళ్లకు ఈ కథ ద్వారా అర్థం కావాలి.

ఇది చెప్పాక వాళ్లు చేయవలసింది మూడు మాటల్లో వస్తుంది. పెట్టే ముందు శబ్దం ఆపేసి ఒకసారి చూడండి, వెనక ఉన్నవి కనిపిస్తాయి. తెర చూడకుండా ఒకసారి వినండి, వెనక మాటలు వినిపిస్తాయి. కింద రాసినది ఒకసారి చదవండి, చిరునామా ఉంటే తీసేయండి. ఇరవై సెకన్ల వీడియోకు ఈ పని నిమిషంలో అయిపోతుంది. న్యూస్ ఎడిటింగ్ గదుల్లో మేము చేసేది కూడా ఇదే. చూడటం, వినడం ఒకేసారి చేస్తే కన్ను కదిలే మనిషినే పట్టుకుంటుంది, వెనకున్న తలుపును వదిలేస్తుంది.

మీ క్లబ్బు లోపలి విషయం ఒకటి, వేదిక మీద చెప్పనక్కరలేదు కానీ సభకు ముందే సరిచేసుకోవాలి. చాలాసార్లు ప్రమాదం పెట్టిన వీడియోలో ఉండదు, పెట్టకుండా మిగిలిన ముడి ఫుటేజీలో ఉంటుంది. కార్యక్రమం అవగానే అంతా డ్రైవ్‌లో వేసి, లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు అన్న అనుమతితో గ్రూపులో పడేస్తారు. జారిన చున్నీ, తినేటప్పుడు తీసిన ముఖం, వేదిక వెనక ఏడుస్తున్న అబ్బాయి, అన్నీ అందులో ఉంటాయి. ఆ ఫోల్డరును పేరుపేరునా నలుగురైదుగురికే తెరవండి, ఎడిట్ అయ్యాక ముడి ఫుటేజీ చెరిపేసే తేదీ పెట్టుకోండి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ అని పెట్టినది కూడా రహస్యం కాదు, లింకు చేరిన ప్రతివాళ్లూ చూడగలరు.

ఇక వయసు సంగతి. దీన్ని ఉపన్యాసాల్లో దాదాపు ఎవరూ చెప్పరు, కానీ మొదటి సంవత్సరం విద్యార్థుల విషయంలో ఇదే ముఖ్యం. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాయడానికి ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి పదహారేళ్లు నిండితే చాలు. అంటే మీ ఎదురుగా కూర్చున్నవాళ్లలో చాలామందికి ఇంకా పద్దెనిమిది రాలేదు. చట్టం దృష్టిలో వాళ్లు పిల్లలే. నేను పైన చెప్పిన 2023 చట్టం పద్దెనిమిది లోపువారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. అశ్లీల చిత్రాల సంగతి వస్తే, అందులో ఉన్నది పద్దెనిమిది లోపువాళ్లయితే పోక్సో చట్టం వర్తిస్తుంది, ఐటీ చట్టంలోని 67బి కూడా వర్తిస్తుంది. దాన్ని తయారుచేయడమే కాదు, దాచుకోవడం, పంచడం కూడా ప్రమాదమే. "మా క్లాసువాడే కదా, మా వయసే కదా" అన్న సమర్థన అక్కడ నిలవదు. కాబట్టి ప్రవేశాల సమయంలో తల్లిదండ్రులు సంతకం చేసే కాగితాల్లో ఫొటోలు, వీడియోల గురించి ఒక విడి పేరా పెట్టమని ప్రిన్సిపల్ గారిని అడగండి. ఈ ఏడాది ఆలస్యమైతే, పద్దెనిమిది నిండనివాళ్లను ఒంటరిగా దగ్గర నుంచి చూపించే వీడియోలు క్లబ్బు పెట్టకుండా ఉండటం మేలు. దూరం నుంచి తీసిన సభ మొత్తం దృశ్యంతో ఈ చిక్కు తక్కువ.

ర్యాగింగ్ గురించి సూటిగా చెప్పండి, అధ్యాపకులు ఎదురుగా ఉన్నారని మొహమాటపడకండి. "పరిచయం" పేరుతో కొత్తవాళ్ల చేత పాట పాడించి, గుంజీలు తీయించి, దాన్ని ఫోనులో తీసి గ్రూపులో వేయడం సరదా కాదు. 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అమల్లో ఉంది. తోటి విద్యార్థిని ఏడిపించి, ఇబ్బందిపెట్టి, అవమానిస్తే ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది. దెబ్బలు, బలవంతాల దాకా వెళితే శిక్ష ఇంకా పెరుగుతుంది. తీసినవాడు తన వీడియోతో తనే సాక్ష్యం తయారుచేసి పెట్టినట్టు. ఇక్కడ మీ క్లబ్బు ఒక హామీ ఇవ్వాలి: "మా సభ్యుడు ఎవరైనా మీచేత ఇష్టం లేనిది చేయించి తీస్తే, నా దగ్గరకు రండి. నా మీదే ఫిర్యాదు అయితే మా అధ్యాపక సలహాదారు దగ్గరకు వెళ్లండి. యూజీసీ ర్యాగింగ్ నిరోధక నంబరు 1800-180-5522, రాత్రి పగలు పనిచేస్తుంది." ఆ నంబరు తెర మీద ఉండాలి, నోటితో చెబితే ఎవరూ రాసుకోరు.

సెక్షన్ల సంఖ్యలు వేదిక మీద వద్దు. ఎవరైనా లేచి అడిగితే చెప్పడానికి చేతిలో చీటీ మీద ఉంచుకోండి. ఐటీ చట్టం 66ఇ, సమ్మతి లేకుండా ఒకరి రహస్యాంగాలను చిత్రీకరించినా, ప్రచురించినా, పంపినా మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ కూడా తెలుసుకోండి. మహిళ ఏకాంతంలో ఉన్న సమయాన్ని దొంగచాటుగా చూడటం, చిత్రీకరించడం, పంచడం గురించినది అది. అందులో ఒక వివరణ ఉంది: తీయడానికి ఆమె ఒప్పుకున్నా, ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. డ్యాన్స్ వీడియోకు ఈ సెక్షన్ వర్తించదు, ఆ తేడా స్పష్టంగా చెప్పండి, లేకపోతే ఉట్టి బెదిరింపుగా వింటారు. కానీ తీయడానికి ఇచ్చిన సమ్మతి వేరు, పెట్టడానికి ఇచ్చిన సమ్మతి వేరు అని చట్టం అక్కడ ఒప్పుకుంది. మీ క్లబ్బు రెండుసార్లు అడగడం వెనక ఉన్నదీ అదే ఆలోచన.

చివరి రెండు నిమిషాలు, తప్పు జరిగిపోతే ఏం చేయాలన్నదానికి ఉంచండి. చాలా ఉపన్యాసాలు ఇక్కడికి రాకుండానే ముగుస్తాయి. తన వీడియో బయటికి వచ్చిందని తెలిసిన పిల్లవాడు మొదటి గంటలో చేసే పనులు తరచు నష్టం పెంచుతాయి. కామెంట్లలో గొడవ పడతాడు, దానితో ఆ వీడియో ఇంకా ఎక్కువమందికి కనిపిస్తుంది. స్నేహితులు "ఇదిగో చూడు, నీది తిరుగుతోంది" అని పదిచోట్లకు పంపుతారు. బెదిరించినవాడికి డబ్బు పంపుతాడు, బెదిరింపు ఆగదు.

కాబట్టి ఇలా చెప్పండి: "మీది ఏదైనా తిరుగుతోందని తెలిస్తే ముందు లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం రాసుకోండి. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. తరువాత అదే యాప్‌లో రిపోర్ట్ నొక్కండి. స్నేహితుడిది కనిపిస్తే గ్రూపులో వేయకండి, నేరుగా అతనికి ఒక్కడికే చెప్పండి, వీడియో పంపకుండా మాటల్లో చెప్పండి. నగ్నచిత్రాలు, అలాంటి బెదిరింపులు అయితే cybercrime.gov.in లో ఫిర్యాదు చేయవచ్చు, మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులను పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి." నగ్నచిత్రాల విషయంలో స్క్రీన్‌షాట్ మాట వర్తించదని వెంటనే చేర్చండి. ముఖ్యంగా అందులో ఉన్నది పద్దెనిమిది లోపువాళ్లయితే ఎవరూ కాపీ దాచుకోకూడదు, లింకు మాత్రం రాసుకుని పోలీసులకు ఇవ్వాలి.

StopNCII.org గురించి కూడా ఒక మాట చెప్పండి, మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ. పద్దెనిమిది నిండినవాళ్లు తమ ఆంతరంగిక చిత్రం బయటికి వస్తుందని భయపడితే అక్కడికి వెళ్లవచ్చు. చిత్రం వాళ్ల ఫోను దాటి వెళ్లదు. ఫోనులోనే దానికొక సంకేత సంఖ్య తయారవుతుంది, ఆ సంఖ్య మాత్రమే ఈ ఏర్పాటులో చేరిన సామాజిక మాధ్యమ సంస్థలకు వెళుతుంది. ఎవరైనా అదే చిత్రం పెట్టబోతే గుర్తించి ఆపుతారు. దీనికి పరిమితులు ఉన్నాయి. ఆ ఏర్పాటులో చేరని వెబ్‌సైట్లలో పనిచేయదు, చిత్రాన్ని బాగా మార్చేస్తే దొరక్కపోవచ్చు. పద్దెనిమిది లోపువాళ్లకు ఇలాంటిదే వేరే ఉంది, takeitdown.ncmec.org.

తరగతి గదిలో పాఠం చెబుతున్న అధ్యాపకులను అడగకుండా తీసి మీమ్‌లు చేయడం, పాటల కాపీరైటు, ఈ రెంటినీ తలా ఒక వాక్యంతో దాటేయండి. అవి క్లబ్బులో చేరినవాళ్లకు తరువాత నేర్పవచ్చు.

నిడివి సంగతి: తెలుగులో అందరికీ అర్థమయ్యే వేగంతో మాట్లాడితే నిమిషానికి తొంభై, వంద మాటలు మించవు. ఎనిమిది నిమిషాలంటే ఏడువందల మాటలు, మధ్యలో ఆ అర నిమిషం విరామం. రాసినది ఫోనులో రికార్డు చేసుకుని వినండి. ఎక్కువైతే చట్టం భాగం తగ్గించండి, ఇరవై సెకన్ల వీడియో కథను ముట్టుకోకండి.

సభ ముగిసేదాకా తెర మీద ఒక్క పేజీయే ఉంచండి: వీడియో తీసేయమని అడగడానికి క్లబ్బు ఈమెయిలు, ఇద్దరు బాధ్యుల పేర్లు, ఒకరు అమ్మాయి, ఒకరు అబ్బాయి, అధ్యాపక సలహాదారు పేరు, పైన చెప్పిన ర్యాగింగ్ నిరోధక నంబరు. మీ సొంత నంబరు ఇవ్వకండి, వచ్చే ఏడాది మీరు ఆ పదవిలో ఉండరు. ఆ ఈమెయిలును రోజూ ఎవరు చూడాలో ఈ వారమే వంతులు వేసుకోండి, పరీక్షల రోజులతో సహా. మొదటి అభ్యర్థన బహుశా ఈ స్వాగత సభ వీడియో గురించే వస్తుంది.